రెన్యువల్‌కు ముందే లైసెన్సులు ఆపించడం: హన్మకొండ ఆఫీసు నుంచి వెళ్లిన ఒక మెయిల్, దాని వెనక లెక్క

హన్మకొండలో ఒక చిన్న డ్రాయింగ్ ఆఫీసు ఉంది. రోడ్లు, కాలువల సర్వే డ్రాయింగులు తయారుచేసి కాంట్రాక్టర్లకు ఇస్తారు. డ్రాయింగుల వెర్షన్లు, సైటు ఫోటోలు, కొలతల షీట్లు అన్నీ ఒకచోట ఉండాలని ఒక క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌కు 12 లైసెన్సులు తీసుకున్నారు. హైదరాబాద్‌లోని ఒక రీసెల్లర్ ద్వారా కొన్నారు. లైసెన్సుకు ఏడాదికి 9,600 రూపాయల చొప్పున 1,15,200, దాని మీద 18 శాతం జీఎస్టీ 20,736, మొత్తం 1,35,936 రూపాయలు. గడువు 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు. పని తీరు మారి ఇక ఆ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదని 2025 జనవరిలో నిర్ణయించారు. ఆపించే పని టీమ్ లీడ్ మీద పడింది. ఆమె రాసిన మెయిల్, దానికి వచ్చిన జవాబులు, చివరికి చేతికి అందిన ధ్రువీకరణ ఈ కేసులోని విషయం. వ్యాపార మెయిళ్లు ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి కాబట్టి అసలు మెయిల్ ఇంగ్లిష్‌లో వెళ్లింది. ఇక్కడ దాన్ని తెలుగులో ఇస్తున్నాం. పేర్లు, నంబర్లు తీసేశాం.

మెయిల్ రాయడానికి ముందు ఆమె ఒప్పందాన్ని తెరిచి మూడు విషయాలు వెతికారు: ఎవరితో ఒప్పందం, ఎప్పటిలోగా చెప్పాలి, ఏ చిరునామాకు చెప్పాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా ఎంత చక్కగా రాసిన మెయిలైనా పనికిరాదు.

ఒప్పందం సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీతో కాదు, రీసెల్లర్‌తో ఉంది. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. రోజూ లాగిన్ అయ్యేది కంపెనీ సైట్లో కాబట్టి కంపెనీ సపోర్ట్‌కే టికెట్ పెడతారు. వాళ్లు నాలుగు రోజుల తర్వాత "మీ రీసెల్లర్‌ను సంప్రదించండి" అంటారు. ఆ నాలుగు రోజులు గడువులోంచి పోయినట్టే. ఈ ఆఫీసు అడ్మిన్ పేజీలో `Auto-renew: On` అని కనిపిస్తోంది గానీ దాన్ని మార్చే బటన్ లేదు. రీసెల్లర్ ద్వారా కొన్న లైసెన్సులకు చాలాసార్లు ఇలాగే ఉంటుంది. ఆ మీట రీసెల్లర్ పోర్టల్‌లో ఉంటుంది. రీసెల్లర్‌కూ కంపెనీకీ మధ్య ఒక డిస్ట్రిబ్యూటర్ కూడా ఉండొచ్చు. మన మాట అన్ని మెట్లూ ఎక్కి పైకి చేరాలి. మధ్యలో ఎక్కడ ఆగినా పైన కంపెనీ రెన్యూ చేసి బిల్లు కిందికి పంపుతుంది, రీసెల్లర్ ఆ బిల్లు తెచ్చి మన ముందు పెడతాడు.

యూజర్లందరినీ పోర్టల్‌లోంచి తీసేస్తే లైసెన్సులు ఆగిపోతాయని అనుకునేవారూ ఉన్నారు. ఆగవు. తీసేసిన లైసెన్సు ఖాళీగా ఉంటుంది, దాని బిల్లు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఇక గడువు సంగతి. "ప్రస్తుత కాలం ముగియడానికి కనీసం 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయకపోతే మరో 12 నెలలకు దానంతట అదే రెన్యూ అవుతుంది" అని ఒప్పందంలో ఉంది. మనం ఏమీ అనకుండా ఉంటే రెన్యూ ఎలా అవుతుందని వాదించడానికి ఇక్కడ వీల్లేదు. సంతకం పెట్టిన రోజే ఆ మౌనానికి ఒప్పుకున్నాం. మార్చి 31 నుంచి 30 రోజులు వెనక్కి లెక్కిస్తే మార్చి 1 వస్తుంది. మార్చి 31ని లెక్కలోకి తీసుకోవాలా, నోటీసు అందిన రోజును తీసుకోవాలా అన్న వాదనకు చోటివ్వకూడదంటే ఫిబ్రవరి 28లోపు అందాలి. ఒప్పందంలో ఇంకో వాక్యం కూడా ఉంది. సాయంత్రం 6 గంటల తర్వాత వచ్చిన మెయిల్, సెలవు రోజు వచ్చిన మెయిల్ మరుసటి పనిదినాన అందినట్టు లెక్క. అంటే ఫిబ్రవరి 28 శుక్రవారం రాత్రి ఏడింటికి పంపితే అది మార్చి 3 సోమవారం అందినట్టవుతుంది, గడువు దాటిపోతుంది. అదే వారంలో 26న మహాశివరాత్రి. ఆ రోజు రీసెల్లర్ ఆఫీసు తెరవరు, ఈ ఆఫీసు కూడా తెరవదు. ఇవన్నీ చూసుకుని ఫిబ్రవరి 10 సోమవారం పొద్దున్నే పంపాలని ఆమె తేదీ పెట్టుకున్నారు. ధ్రువీకరణ రాకపోతే రెండుసార్లు గుర్తుచేయడానికీ, అప్పటికీ రాకపోతే రీసెల్లర్ రిజిస్టర్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్ట్‌లో ఉత్తరం పంపడానికీ సమయం మిగలాలన్నదే ఆమె ఉద్దేశం. కొన్ని ఒప్పందాల్లో "90 రోజులకు ముందు కాదు, 30 రోజుల తర్వాత కాదు" అని రెండు వైపులా హద్దు ఉంటుంది. అలాంటి చోట మరీ ముందుగా పంపినా చెల్లదు. ఈ ఒప్పందంలో ఆ హద్దు లేదు.

మూడోది చిరునామా. రోజూ మాట్లాడేది రీసెల్లర్ సేల్స్ మనిషితో. ఆయన నంబరు, మెయిల్ అందరి దగ్గరా ఉంటాయి. నోటీసులు పంపడానికి ఒప్పందంలో ఇచ్చిన మెయిల్ మాత్రం వేరే. ఈ తేడా చట్టంలోనూ ఉంది. ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 13 ప్రకారం, ఇద్దరూ వేరేలా ఒప్పుకోకపోతే, ఎదుటివారు ఫలానా మెయిల్‌కు పంపమని చెప్పి ఉంటే అందులోకి చేరిన క్షణమే అందినట్టు. ఆయనదే అయినా వేరే మెయిల్‌కు పంపితే ఆయన దాన్ని తెరిచి తీసుకున్నప్పుడే అందినట్టు. సేల్స్ మనిషి పది రోజులు సెలవులో ఉంటే మన నోటీసు ఆ పది రోజులూ అందనట్టే లెక్క. అందుకే నోటీసు మెయిల్‌ను "టు"లో, సేల్స్ మనిషిని "సీసీ"లో పెట్టారు. ఆ సీసీలోనే సంస్థ భాగస్వామి కూడా ఉన్నారు. ఒప్పందం మీద సంతకం ఆయనది, టీమ్ లీడ్‌ది కాదు.

మెయిల్ ఇది:

> విషయం: రెన్యువల్ చేయడం లేదన్న నోటీసు – ఒప్పందం నం. (…) – గడువు 31 మార్చి 2025
>
> గౌరవనీయులైన సర్/మేడం,
>
> పై ఒప్పందం కింద మా సంస్థ వాడుతున్న 12 లైసెన్సులను ప్రస్తుత గడువు 31 మార్చి 2025న ముగిశాక రెన్యూ చేయడం లేదని ఒప్పందంలోని రెన్యువల్ నిబంధన ప్రకారం ఈ మెయిల్ ద్వారా నోటీసు ఇస్తున్నాం. 31 మార్చి 2025 వరకు లైసెన్సులు ఇప్పుడున్నట్టే పనిచేయాలి. ఇది మధ్యలో రద్దు చేయమని కోరడం కాదు.
>
> జనవరిలో మీరు పంపిన వచ్చే ఏడాది ప్రొఫార్మా ఇన్వాయిస్‌ను మేము అంగీకరించడం లేదు. 1 ఏప్రిల్ 2025 తర్వాతి కాలానికి ఎలాంటి ట్యాక్స్ ఇన్వాయిస్ జారీ చేయవద్దు.
>
> ఈ కింది విషయాలను 17 ఫిబ్రవరి 2025లోపు ఇదే మెయిల్‌కు జవాబుగా రాతపూర్వకంగా ధ్రువీకరించగలరు: ఈ నోటీసు మీకు అందిన తేదీ, ఎన్ని లైసెన్సులు, ఏ తేదీన ముగుస్తాయి, ఆటో రెన్యువల్ మీ పోర్టల్‌లో ఆపేశారన్న విషయం, ఆ తర్వాతి కాలానికి మేము చెల్లించాల్సింది ఏమీ లేదన్న విషయం, మా డేటా ఎప్పటివరకు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ఎప్పుడు తొలగిస్తారు.
>
> ఈ నోటీసు ఇవ్వడానికి మా భాగస్వామి (సీసీలో ఉన్నారు) నాకు అధికారం ఇచ్చారు.
>
> (పేరు, హోదా, సంస్థ, ఫోన్)

ఈ మెయిల్‌లో ఎక్కడా "దయచేసి రద్దు చేయగలరు" అని లేదు. కారణం కూడా లేదు. రెన్యూ చేయకపోవడం ఒప్పందం ఇచ్చిన హక్కు, దానికి రీసెల్లర్ అనుమతి అక్కర్లేదు. "మా వాళ్లు సరిగ్గా వాడడం లేదు", "ధర ఎక్కువైంది" అని ఒక్క ముక్క రాసినా దాన్ని పట్టుకుని ట్రైనింగ్ ఇస్తామనో ధర తగ్గిస్తామనో బేరం మొదలవుతుంది. బేరం నడుస్తున్నన్ని రోజులూ నోటీసు గాలిలో వేలాడుతుంది.

మధ్యలో రద్దు చేయమనడం, రెన్యూ చేయబోమనడం రెండు వేర్వేరు పనులు. అందుకే ఆ ఒక్క వాక్యాన్ని విడిగా రాశారు. "క్యాన్సిల్ చేయండి" అని మాత్రమే రాస్తే, సపోర్ట్‌లో ఉన్న మనిషి ఆ రోజే లైసెన్సులు ఆపేసిన సందర్భాలు ఉంటాయి. డబ్బు కట్టిన ఏడు వారాలు పోతాయి, అంతకన్నా పెద్ద నష్టం డేటా తీసుకునే దారి మూసుకుపోవడం. సైట్లో `Cancel subscription` బటన్ కనిపించినా అదేం చేస్తుందో చదవకుండా నొక్కకూడదన్నది కూడా ఇందుకే.

నా దృష్టిలో ఈ మెయిల్‌లో అన్నిటికన్నా జాగ్రత్తగా రాసింది నోటీసుకూ ధ్రువీకరణకూ మధ్య ఉన్న గీత. చాలామంది మంచి ఉద్దేశంతోనే "మీ ధ్రువీకరణ అందిన తర్వాత ఈ నోటీసు అమల్లోకి వస్తుంది" అని రాస్తారు. ఐటీ చట్టం సెక్షన్ 12 ప్రకారం, అందినట్టు జవాబు వస్తేనే ఈ మెయిల్‌కు కట్టుబడతామని పంపినవారే షరతు పెడితే, ఆ జవాబు రానంతవరకు ఆ మెయిల్ అసలు పంపనట్టే లెక్క. అంటే రీసెల్లర్ ఊరికే జవాబివ్వకుండా కూర్చుంటే చాలు, మన నోటీసు లేనట్టే అవుతుంది, లైసెన్సులు రెన్యూ అయిపోతాయి. ఆమె మొదటి పేరాలో నోటీసు పూర్తిగా ఇచ్చేశారు. ధ్రువీకరణను మూడో పేరాలో, ఏ షరతూ లేకుండా, తేదీ పెట్టి అడిగారు. అది రాకపోయినా నోటీసు తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. వస్తే ఆధారం గట్టిపడుతుంది. ఇది భారతదేశ చట్టం వర్తించే ఒప్పందం, వివాదాలు హైదరాబాద్ కోర్టుల్లో అని రాసి ఉంది కాబట్టి ఈ లెక్క సరిపోయింది. విదేశీ కంపెనీతో నేరుగా కొన్న లైసెన్సుకు ఏ దేశం చట్టం అని ఉందో ముందు చూసుకోవాలి.

పంపిన రెండు నిమిషాలకే ఒక ఆటోమేటిక్ జవాబు వచ్చింది: టికెట్ నంబరు, "మీ అభ్యర్థన అందింది". మెయిల్ ఆ చిరునామాకు చేరిందని చెప్పడానికి ఇది మంచి ఆధారం, అంతవరకే. మూడో రోజు సేల్స్ మనిషి ఫోన్ చేశారు.

"మేడం, మీ మెయిల్ చూసిన. పైకి పంపిన, మీరేం ఫికర్ చేయకుండ్రి."

"మంచిదండీ. గిప్పుడు చెప్పిన ముచ్చటనే మెయిల్‌ల రాసి పంపుండ్రి, మా సార్‌కు చూపెట్టాలె."

ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో, "ఈ రోజు మన ఫోన్ మాటల్లో నోటీసు అందిందని, పైకి పంపానని మీరు చెప్పారు. నేను 10వ తేదీన అడిగిన ధ్రువీకరణ ఇంకా రావాలి" అని అదే మెయిల్ గొలుసులో ఆమె రాశారు. ఫోన్ మాటను కాగితం మీదికి తేవడానికి ఇంతకన్నా తేలిక పద్ధతి లేదు. కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా పాతదానికే జవాబివ్వడం కూడా కావాలనే చేశారు. తేదీలన్నీ ఒకే వరసలో ఉంటాయి.

17వ తేదీన వచ్చిన జవాబు ధ్రువీకరణలా కనిపించింది గానీ కాదు. "మీ అభ్యర్థనను పరిశీలిస్తున్నాం. బిల్లింగ్ కాంటాక్ట్ నుంచి వస్తేనే తీసుకోగలం. 20 శాతం తగ్గింపుతో ఒక ప్రతిపాదన జత చేశాం." ఇందులో మూడు చిక్కులున్నాయి. నోటీసును "అభ్యర్థన" అంటున్నారు. పంపిన మనిషికి అధికారం లేదంటున్నారు. తగ్గింపు ఆశ చూపి చర్చలోకి లాగుతున్నారు. బిల్లింగ్ కాంటాక్ట్‌గా ఉన్నది ఏడాది క్రితం ఉద్యోగం మానేసిన పాత అకౌంటెంట్ మెయిల్. ఆఫీసు దాన్ని మార్చలేదు. ఆ రోజే భాగస్వామి "రిప్లై ఆల్" నొక్కి రెండు వాక్యాలు రాశారు: 10వ తేదీ నోటీసు సంస్థ తరఫున ఇచ్చినదే, దాన్ని నేను ధ్రువపరుస్తున్నాను, ప్రతిపాదన మాకు అవసరం లేదు. సీసీలో ఆయన మొదటి రోజు నుంచీ ఉండడం వల్ల నోటీసు తేదీ ఫిబ్రవరి 10గానే నిలిచింది. ఆయన లేకుండా పంపి ఉంటే తేదీ 17 అవుతుందా అన్న వాదనకు చోటుండేది. ఈ కేసులో 17 అయినా గడువులోపే. చివరి వారంలో పంపినవారికి మాత్రం ఇది ప్రాణసంకటం.

ఫిబ్రవరి 24న నిజమైన ధ్రువీకరణ వచ్చింది: నోటీసు 10న అందింది, 12 లైసెన్సులు మార్చి 31న ముగుస్తాయి, ఆటో రెన్యువల్ ఆపేశాం, తర్వాతి కాలానికి బాకీ లేదు, డేటా ఏప్రిల్ 30 వరకు చదవడానికి, డౌన్‌లోడ్ చేయడానికి ఉంటుంది, ఆ తర్వాత తొలగిస్తాం. కింద పేరు, హోదా ఉన్నాయి. చదివితే అంతా బాగుంది. ఆమె అక్కడితో ఆగకుండా అడ్మిన్ పేజీ తెరిచారు. అందులో మొత్తం లైసెన్సులు 14 అని ఉంది. పన్నెండింటికి `Auto-renew: Off` అయింది. మిగతా రెండింటికి ఇంకా `On`.

2024 ఆగస్టు 12న ఇద్దరు కొత్తవాళ్లు చేరితే వాళ్ల కోసం రెండు లైసెన్సులు వేరే ఆర్డర్ ఫారం మీద కొన్నారు. చాలామంది అన్ని లైసెన్సులూ ఒకే తేదీన ముగుస్తాయనుకుంటారు. మొదటి ఆర్డర్‌తో పాటే ముగుస్తుందని ఫారంలో రాసి ఉంటేనే అలా జరుగుతుంది. ఈ ఫారంలో "ఆర్డర్ తేదీ నుంచి 12 నెలలు" అని ఉంది. అంటే ఆ రెండూ 2025 ఆగస్టు 11 వరకు నడుస్తాయి, వాటి నోటీసు గడువు జూలైలో వస్తుంది. మార్చిలో పని అయిపోయిందని ఫైలు మూసేస్తే జూలైలో ఎవరికీ గుర్తుండదు. అందుకే అదే రోజు, రెండో ఆర్డర్ నంబరు పెట్టి, అవే మాటలతో, గడువు తేదీని మాత్రం మార్చేసి ఇంకో నోటీసు పంపారు. "కనీసం 30 రోజుల ముందు" అన్నప్పుడు ఐదు నెలల ముందు చెప్పినా సరిపోతుంది. ఆ రెంటికీ విడిగా ధ్రువీకరణ మార్చి 3న వచ్చింది. మొదటి మెయిల్‌లో ఒప్పందం నంబరుతో పాటు ఆ సంస్థ పేరు మీద ఉన్న ఆర్డర్లన్నిటి జాబితా, ఒక్కోదాని ముగింపు తేదీ అడిగి ఉంటే ఇది మొదటి జవాబులోనే బయటపడేది. ఇలాంటి మెయిల్ రాసేవారు ఆ ఒక్క వాక్యం చేర్చుకోవాలి.

ఆధారాలు దాచిన తీరు గురించి కొంచెం చెప్పాలి. ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్లు ఒక్కటే నమ్ముకోలేదు. మెయిళ్లను `.eml` ఫైళ్లుగా దించుకున్నారు. జీమెయిల్‌లో మూడు చుక్కల మెనూలో `Download message` ఉంటుంది. పంపిన సమయం, ఏ సర్వర్ల గుండా వెళ్లిందన్న హెడర్లు అందులోనే ఉంటాయి, మెయిల్‌ను ఇంకొకరికి ఫార్వర్డ్ చేస్తే అవి పోతాయి. వ్యవహారం కోర్టు దాకా పోతే ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమం 2023లోని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అసలు ఫైలు ఉంటే ఆ సర్టిఫికెట్ ఇవ్వడం తేలిక. ఒక కాపీ టీమ్ లీడ్ మెయిల్‌లో కాకుండా ఆఫీసు డ్రైవ్‌లో ఉంచారు. మనిషి మారినా ఫైలు ఉంటుంది.

డబ్బు వైపు నుంచి ఒక మాట. కార్డు మీద ఆటో చెల్లింపు ఆపేస్తే సరిపోతుందని కొందరంటారు. ఆర్‌బీఐ ఈ-మ్యాండేట్ నిబంధనల ప్రకారం డబ్బు కోసే 24 గంటల ముందు బ్యాంకు తెలియజేయాలి, 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ కావాలి. ఇవి డబ్బు కోతను ఆపుతాయి గానీ బాకీని ఆపవు. ఒప్పందం రెన్యూ అయితే ఇన్వాయిస్ నిలిచే ఉంటుంది. ఈ ఆఫీసు నెఫ్ట్ ద్వారా కట్టేది కాబట్టి వీళ్లకు అసలు ప్రమాదం అకౌంట్స్ టేబుల్ మీద ఉన్న ప్రొఫార్మా. రోజువారీ బిల్లుల్లో కలిసిపోయి ఎవరైనా కట్టేస్తే, మాటతో వద్దని చేతితో ఒప్పుకున్నట్టే. దాని మీద "కట్టవద్దు, రెన్యువల్ లేదు" అని రాసి ఫైల్ చేశారు.

డేటా దించడంలో ఒక చిక్కు వచ్చింది. కొలతల షీట్లలో ఊళ్ల పేర్లు తెలుగులో ఉన్నాయి. సీఎస్‌వీ ఫైలు మీద రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిస్తే అక్షరాలన్నీ చెడిపోయి కనిపించాయి. డేటా పాడుకాలేదు, తెలుగు అక్షరాలు రాసి ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఎక్సెల్ దాన్ని చదవలేదంతే. `Data` మెనూలో `From Text/CSV` తీసుకుని `65001: Unicode (UTF-8)` ఎంచుకుంటే ఐనవోలు, ధర్మసాగర్ అన్నీ సరిగ్గా వచ్చాయి. అలా చూడకుండా చెడిన ఫైలునే సేవ్ చేస్తే అసలు అక్షరాలు నిజంగానే పోవచ్చు. ఫోటోలు సీఎస్‌వీలో రావు, వాటిని ప్రాజెక్టువారీగా విడిగా దించాల్సి వచ్చింది. అందుకే లైసెన్సులు పనిచేస్తున్న మార్చిలోనే ఈ పని ముగించారు, ఏప్రిల్ 30 వరకు ఇచ్చిన గడువును అక్కరకు దాచుకున్నారు.

ఏప్రిల్ 1న లాగిన్ చేస్తే చదవడానికి మాత్రమే తెరుచుకుంది. ఇక చూడాల్సింది జీఎస్టీ పోర్టల్. ఏప్రిల్‌లో రీసెల్లర్ పొరపాటున ఇన్వాయిస్ వేసి ఉంటే మే 11లోపు వేసే వాళ్ల అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లోంచి మే 14న తయారయ్యే మన కొనుగోళ్ల పట్టిక జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తుంది. 2024 అక్టోబరు నుంచి ఉన్న ఇన్వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో దాన్ని `Reject` చేయొచ్చు. అది పన్ను లెక్క వరకే. రీసెల్లర్ చేత జీఎస్టీ చట్టం సెక్షన్ 34 కింద క్రెడిట్ నోట్ ఇప్పించుకుంటేనే బాకీ పూర్తిగా చెరిగిపోతుంది. ఈ కేసులో మే 14న ఆ పేరు మీద ఏ ఇన్వాయిస్ రాలేదు. ఆగస్టు 12 తర్వాత సెప్టెంబరు 14న ఇంకోసారి 2బీ చూడాలని, ఆ రెండు లైసెన్సుల కోసం, అకౌంట్స్ క్యాలెండర్‌లో రాసిపెట్టారు.